థండర్‌బోల్ట్ పోర్టు: గేటు దగ్గర కాపలా చాలా, గోదాములకు తాళాలు కావాలా?

పోయినేడు ఆడిట్ సీజన్ మొదలయ్యే ముందు హన్మకొండలో ఒక చిన్న ఆడిట్ ఆఫీసు వాళ్లు పిలిచారు. సీఏ శిక్షణలో ఉన్న ముగ్గురు ఆర్టికల్స్, మూడు ల్యాప్‌టాప్‌లు. మూడూ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే, మూడూ వేర్వేరు ఏళ్లవి. ఈ పిల్లలు పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్ వైపు జిన్నింగ్ మిల్లులకూ రైస్ మిల్లులకూ వెళ్లి, అక్కడే రెండు మూడు రోజులు కూర్చుని లెక్కలు చూస్తారు. సార్ అడిగింది ఒక్కటే: "మూడూ మార్చేంత బడ్జెట్ నా దగ్గర లేదయ్యా. వీటిలో ఏది మిల్లుకు పంపొచ్చు, ఏది ఆఫీసులోనే ఉంచాలి, అది చెప్పు."

పక్కనే ఉన్న ఆర్టికల్ అమ్మాయికి ఈ ప్రశ్నే అర్థం కాలేదు. "నేను అన్నానికి లేచేటప్పుడు లాక్ చేసే పోత కదన్నా. పాస్‌వర్డ్ తెల్వకుండ ఎవరేం చేస్తరు?" అంది.

తను అడిగింది న్యాయమైన ప్రశ్న. స్క్రీన్ లాక్ చేస్తే కీబోర్డు, మౌస్ ద్వారా వచ్చే దారి మూసుకుంటుంది. కానీ ల్యాప్‌టాప్ ఆన్‌లోనే ఉంది. తెరిచి పెట్టిన ఎక్సెల్ ఫైళ్లు, బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న పోర్టళ్లు, విండోస్‌లో డిస్క్‌ను గుప్తం చేసే బిట్‌లాకర్ తాళం చెవి, అన్నీ ర్యామ్‌లో అలాగే ఉంటాయి. ఆ మూడు ల్యాప్‌టాప్‌లకూ పక్కన మెరుపు గుర్తు ఉన్న చిన్న సాకెట్ ఒకటి ఉంది, అదే థండర్‌బోల్ట్ పోర్టు. దానికి పాస్‌వర్డ్‌తో పని లేదు.

మెరుపు గుర్తు పోర్టు ప్రత్యేకత

మామూలు యూఎస్‌బీలో పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు, పెన్‌డ్రైవ్ తనంతట తాను ర్యామ్‌ను ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్ అడిగితేనే అది డేటా ఇస్తుంది. ఆ డేటాను మెమరీలో ఎక్కడ పెట్టాలో కూడా ల్యాప్‌టాప్ వైపే నిర్ణయం అవుతుంది. థండర్‌బోల్ట్ అలా కాదు. ఆ కేబుల్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. అంటే డెస్క్‌టాప్ కంప్యూటర్ డబ్బా విప్పి మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ కార్డు గుచ్చే స్లాట్ ఉంటుంది చూడండి, ఆ స్లాట్‌నే కేబుల్ రూపంలో బయటికి తెచ్చినట్టు. డబ్బా విప్పక్కర్లేదు, కరెంటు ఆపక్కర్లేదు, బయటి నుంచి గుచ్చితే చాలు.

ఆ స్లాట్‌లో కూర్చునే కార్డులకు మొదటి నుంచీ ఒక అధికారం ఉంది. ప్రాసెసర్‌ను ప్రతిసారీ అడగకుండా, నేరుగా ర్యామ్‌లో చదవొచ్చు, రాయొచ్చు. దీన్నే డీఎంఏ అంటారు. వేగం కోసం పెట్టిన ఏర్పాటు ఇది. నెట్‌వర్క్ కార్డు సెకనుకు వేల ప్యాకెట్లు తెస్తుంటే ఒక్కోదాన్నీ ప్రాసెసర్ మోయాలంటే దానికి వేరే పనే జరగదు.

ఎనుమాముల మార్కెట్ యార్డు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మిర్చి బస్తాలను హమాలీలు నేరుగా మోసుకెళ్లి పెడతారు. గుమస్తా ప్రతి బస్తానూ తన చేతులతో మోయడు, ఏది ఎక్కడ దించాలో చెబుతాడు. ప్రాసెసర్ గుమస్తా, పీసీఐ కార్డు హమాలీ, ర్యామ్ గోదాములు. ఇప్పుడు హమాలీ వేషంలో కొత్త మనిషి ఒకడు వచ్చాడనుకోండి. గోదాములకు తాళాలు లేకపోతే వాడు ఏ గోదాములోకైనా వెళ్లగలడు. గుమస్తా గది తలుపు మూసి ఉన్నా వాడికి అడ్డం కాదు. మీ స్క్రీన్ లాక్ ఆ గుమస్తా గది తలుపు లాంటిది.

ఇది కాగితం మీది భయం కాదు. 2000ల మధ్యలోనే ఫైర్‌వైర్ పోర్టు ద్వారా లాక్ అయిన కంప్యూటర్ల మెమరీ చదివి చూపించారు. 2016లో ఉల్ఫ్ ఫ్రిస్క్ అనే పరిశోధకుడు పీసీఐలీచ్ అనే పనిముట్టును అందరికీ అందుబాటులో పెట్టాడు. చిన్న పీసీఐ బోర్డు, దాన్ని నడిపే ఇంకో ల్యాప్‌టాప్ ఉంటే చాలు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున చదివినా 16 గిగాబైట్ల ర్యామ్ మొత్తం రెండు నిమిషాల లోపే అవతలి ల్యాప్‌టాప్‌లోకి వెళ్లిపోతుంది. మిల్లు క్యాంటీన్‌లో భోజనానికి అంతకంటే చాలా ఎక్కువ సేపే పడుతుంది.

గేటు కాపలా: సెక్యూరిటీ లెవెల్స్

దీనికి థండర్‌బోల్ట్ తయారీదారులు మొదట ఇచ్చిన జవాబు సెక్యూరిటీ లెవెల్స్. బయోస్‌లో `Thunderbolt Security Level` అనే పేరుతో కనిపిస్తాయి. కొత్త పరికరం గుచ్చినప్పుడు దానికి పీసీఐ దారి తెరవాలా వద్దా అన్నది ఈ లెవెల్ బట్టి తేలుతుంది.

`No Security` అంటే ఏది గుచ్చినా దారి తెరుస్తుంది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు.

`User Authorization` పెడితే తెర మీద అడుగుతుంది: ఈ పరికరాన్ని ఒక్కసారికి కలపాలా, ఎప్పుడూ కలపాలా, వద్దా? మీరు "ఎప్పుడూ" అంటే ఆ పరికరం గుర్తింపు సంఖ్యను దాచుకుంటుంది. తర్వాత ఆ సంఖ్య చెప్పే పరికరం ఏది వచ్చినా అడగకుండా లోపలికి పంపిస్తుంది. లోపం ఇక్కడే ఉంది. ఆ సంఖ్య రహస్యం కాదు, పరికరం తనంతట తానే చెప్పేస్తుంది. మానిటర్, ప్రింటర్, లాన్ అన్నిటినీ ఒకే కేబుల్‌తో కలిపే మీ ఆఫీసు డాక్ సంఖ్యను ఇంకో పరికరంలో రాసుకుంటే కాపలావాడు దాన్నే మీ డాక్ అనుకుంటాడు.

`Secure Connect` దీనికంటే ఒక మెట్టు పైన. మొదటిసారి ఒప్పుకున్నప్పుడు 256 బిట్ల రహస్య కీ ఒకటి పరికరంలో రాస్తారు. తర్వాత ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఒక ప్రశ్న వేస్తుంది, ఆ కీ ఉన్న పరికరమే సరైన జవాబు ఇవ్వగలదు. వట్టి సంఖ్య నకలు చేస్తే సరిపోదు.

నాలుగోది `DisplayPort and USB Only`. దీనిలో పీసీఐ దారే తెరవదు. మానిటర్ వస్తుంది, మామూలు యూఎస్‌బీ పనిచేస్తుంది, అంతే. కొన్ని మిషన్లలో ఇంకొక రకం కూడా ఉంటుంది: డాక్‌లో ఉన్న యూఎస్‌బీ కంట్రోలర్‌కూ మానిటర్‌కూ మాత్రం దారి ఇచ్చి, డాక్ తర్వాత గొలుసుగా తగిలించే పీసీఐ పరికరాలన్నింటినీ తీసేస్తుంది. మన బయోస్‌లో అది కనిపిస్తే, డాక్ తప్పనిసరి అయిన చోట అదే మంచి మధ్యేమార్గం.

ఇప్పుడు అసలు బలహీనత చెప్పాలి. `User Authorization`, `Secure Connect` రెండిటిలోనూ కాపలా గేటు దగ్గరే ఉంది. గేటు దాటాక ఏ గోదాములోకి వెళ్తున్నాడో చూసేవాడు లేడు. పైగా కాపలావాడి చేతిలోని జాబితానే మార్చేయొచ్చని 2020 మేలో ఐంధోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ రౌటెన్‌బర్గ్ థండర్‌స్పై పేరుతో చూపించాడు. ల్యాప్‌టాప్ అడుగు రేకు విప్పి, థండర్‌బోల్ట్ కంట్రోలర్ సెట్టింగులు దాచుకునే చిన్న ఫ్లాష్ చిప్‌ను బయటి ప్రోగ్రామర్‌తో తిరగరాసి, లెవెల్‌ను `No Security`కి దించేశాడు. బయోస్‌లో చూస్తే పాత లెవెలే కనిపిస్తుంది. ఐదు నిమిషాల పని. కాబట్టి ల్యాప్‌టాప్‌ను విప్పగలిగేంత సమయం దొరికిన మనిషి ముందు ఏ లెవెల్ మీదా పూర్తి భరోసా పెట్టలేం.

గోదాముకు తాళం: కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్

రెండో ఏర్పాటు వేరే ప్రశ్న అడుగుతుంది. వచ్చినవాడు ఎవరు అన్నది పక్కన పెట్టి, వాడు ఎక్కడిదాకా వెళ్లొచ్చు అని చూస్తుంది. ర్యామ్‌కూ పీసీఐ పరికరాలకూ మధ్య ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ ఉంటుంది. ఇంటెల్ దాన్ని వీటీ-డీ అంటుంది. ప్రతి పరికరానికీ అది ఒక పట్టీ పెట్టుకుంటుంది: నీకు ఈ పేజీలు మాత్రమే. పేజీ అంటే మెమరీలో 4 కిలోబైట్ల ముక్క. పరికరం తాలూకు డ్రైవర్ "ఈ ముక్క దీనికి ఇస్తున్నా" అంటే ఆ ముక్క వరకే తలుపు తెరుచుకుంటుంది. పక్క ముక్క చదవబోతే ఐఓఎంఎంయూ అడ్డుకుని తప్పు నమోదు చేస్తుంది.

ఈ హార్డ్‌వేర్ చాలా ఏళ్లుగా ఉన్నా విండోస్ దాన్ని కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్ పేరుతో బయటి పోర్టులకు వాడింది 2018లో వచ్చిన విండోస్ 10, 1803 వెర్షన్ నుంచి. కానీ విండోస్ ఒక్కటే కొత్తదైతే చాలదు. ఫర్మ్‌వేర్, అంటే బయోస్ కూడా సహకరించాలి. బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ ఇచ్చే పట్టికల్లో ఒక గుర్తు ఉంటుంది, "ఈ మిషన్‌లో బయటి డీఎంఏను మొదటి నుంచీ అదుపులో పెట్టాను, నువ్వూ కొనసాగించు" అని చెప్పే గుర్తు. అది లేకపోతే విండోస్ ఈ రక్షణను వెలిగించదు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేసినా ఇది రాకపోవడానికి కారణం అదే. మనం సాఫ్ట్‌వేర్‌తో తెచ్చుకోగలిగింది కాదు.

నా తీర్పు సూటిగా చెబుతాను. ఈ రక్షణ ఉన్న మిషన్‌లో సెక్యూరిటీ లెవెల్ ఏది అన్నది పెద్ద విషయం కాదు. లినక్స్ కెర్నెల్ పత్రాల్లో కూడా ఇలాంటి మిషన్లలో లెవెల్స్ అదనపు అలంకారమేనన్న అర్థంలో రాసి ఉంది, అందుకే కొన్ని కంపెనీలు లెవెల్‌ను ఏమీ లేకుండానే అమ్ముతాయని కూడా. బయోస్‌లో `No Security` చూసి టెన్షన్ పడే ముందు కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్ ఉందో లేదో చూడాలి. అది లేని మిషన్‌లో మాత్రం లెవెల్ ఎంపికే మీ చేతిలో ఉన్న ముఖ్యమైన పని.

మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక్కోటి విప్పి చూస్తే

విండోస్‌లో చూడటానికి స్టార్ట్ మెనూలో `msinfo32` అని కొట్టి తెరవాలి. మొదటి పేజీలోనే `Kernel DMA Protection` అనే వరుస ఉంటుంది, ఎదురుగా `On` లేదా `Off`.

మొదటి ల్యాప్‌టాప్ 2018 నాటిది, ఎనిమిదో తరం ఇంటెల్, థండర్‌బోల్ట్ 3. `Off` అని వచ్చింది. బయోస్‌లోకి వెళ్లి చూస్తే వీటీ-డీ ఆన్‌లోనే ఉంది, దొరికినంత కొత్త ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వేసి చూశాను, అయినా `Off`. ఇంక అది మారదు. సెక్యూరిటీ లెవెల్ `User Authorization`లో ఉంది. ఎప్పుడో ఎవరో "ఎప్పుడూ కలుపు" అని ఒప్పుకున్న ఐదారు పరికరాలు జాబితాలో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ ఈ ఆఫీసుది కాదు. పాత యజమాని తాలూకువి. సెకండ్ హ్యాండ్ మిషన్ కొన్నవాళ్లు ఈ జాబితా తప్పకుండా తుడిచేయాలి.

దీనికి `Secure Connect` పెట్టాలా, `DisplayPort and USB Only` పెట్టాలా అన్నది ఆలోచించాను. సార్ టేబుల్ మీద థండర్‌బోల్ట్ డాక్ ఒకటి ఉంది, దానికి లాన్ కేబుల్, మానిటర్, ప్రింటర్ తగిలి ఉన్నాయి. పీసీఐ దారి మూసేస్తే ఆ డాక్‌లో మానిటర్ వస్తుంది కానీ లాన్, యూఎస్‌బీ సాకెట్లు పనిచేయవు, ఎందుకంటే థండర్‌బోల్ట్ 3 డాక్ లోపల అవి పీసీఐ మీదే నడుస్తాయి. పెట్టి చూస్తే అలాగే అయింది. "ప్రింటర్ పోయిందేంటయ్యా" అని సార్ కంగారు పడ్డారు.

నేను అడిగాను: ఈ డాక్‌లో ఉన్న ఏ పనికి థండర్‌బోల్ట్ వేగం కావాలి? ఏ పనికీ కాదు. టాలీ, ఎక్సెల్, ఒక మానిటర్, ఒక ప్రింటర్. వీటికి మామూలు యూఎస్‌బీ-సీ డాక్ చాలు. ఆ పోర్టు మామూలు యూఎస్‌బీగా కూడా పనిచేస్తుంది కాబట్టి లెవెల్ మార్చినా దానికి ఇబ్బంది రాదు. థండర్‌బోల్ట్ డాక్‌తో పోలిస్తే ధర కూడా చాలా తక్కువ. డాక్ మార్చి, లెవెల్‌ను `DisplayPort and USB Only`లో స్థిరపరిచాం. ఈ రక్షణ లేని పాత మిషన్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు, థండర్‌బోల్ట్ డ్రైవ్ మీదే ఫుటేజ్ పెట్టుకునేవాళ్లకు మాత్రం ఇది కుదరదు. వాళ్లు `Secure Connect` పెట్టుకుని, "ఎప్పుడూ కలుపు" అనేది తమ చేతిలో ఉండే ఒకటి రెండు పరికరాలకే ఇవ్వాలి.

ఈ మిషన్‌కు ఇంకొక పని కూడా చేశాం. విండోస్ ప్రో ఉంది, బిట్‌లాకర్ ఉంది. గ్రూప్ పాలసీలో బిట్‌లాకర్ విభాగంలో `Disable new DMA devices when this computer is locked` అనే నియమం ఉంటుంది. కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్ లేని మిషన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఏర్పాటు అది. స్క్రీన్ లాక్ అయ్యాక కొత్తగా గుచ్చే పీసీఐ పరికరాలకు మళ్లీ లాగిన్ అయ్యేదాకా దారి ఇవ్వదు. అప్పటికే తగిలి ఉన్న పరికరం మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, అది గుర్తుంచుకోవాలి.

రెండో ల్యాప్‌టాప్ 2021ది, పదకొండో తరం, థండర్‌బోల్ట్ 4. థండర్‌బోల్ట్ 4 గుర్తు కావాలంటే వీటీ-డీ ఆధారంగా డీఎంఏ రక్షణ తప్పనిసరి అని ఇంటెల్ నియమం. కాబట్టి `On` అని వస్తుందని నమ్మకంగా తెరిచాను. `Off` వచ్చింది.

ఒక్క నిమిషం నాకూ అర్థం కాలేదు. బయోస్‌లోకి వెళితే కారణం దొరికింది. అమ్మే ముందు ఎవరో ఏదో పాత సాఫ్ట్‌వేర్ కోసమో మరెందుకో `VT-d` ఆఫ్ చేసి వదిలేశారు. తాళాలు ఉన్నాయి, ఎవరూ వేయలేదు, అంతే. అది ఆన్ చేసి, అక్కడే ఉన్న కెర్నెల్ డీఎంఏ ఎంపిక కూడా ఆన్ చేసి, సేవ్ చేసి బూట్ చేస్తే `On` వచ్చింది. ఈ ఎంపిక పేరు కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిటిలో `Kernel DMA Protection` అనే ఉంటుంది, కొన్నిటిలో `OS Kernel DMA Support` అని ఉంటుంది. మిషన్ కొత్తది కదా అని చూడకుండా వదిలేయొద్దని నేను పట్టుబట్టేది అందుకే.

బయోస్‌లో వీటిని ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త ఉంది. డీఎంఏ రక్షణ ఉందా లేదా అన్నది బూట్ సమయంలో, బిట్‌లాకర్ తాళం చెవిని కాపాడే టీపీఎం చిప్ లెక్కలోకి వెళ్తుంది. అది మారితే బిట్‌లాకర్ ఏదో తేడా జరిగిందని 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడుందో తెలియక డేటా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. అందుకే ముందు కీ కాగితం మీద రాసి పెట్టుకుని, తర్వాత అడ్మిన్ కమాండ్ విండోలో ఇది కొట్టాలి:

```
manage-bde -protectors -disable C:
```

దీనితో బిట్‌లాకర్ ఒక్క రీస్టార్ట్‌కు ఆగి, ఆ తర్వాత తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. ఆ రీస్టార్ట్‌లోనే బయోస్ పని పూర్తి చేయాలి.

మూడో ల్యాప్‌టాప్ 2020ది. దానిలో ఉబుంటు వేసుకున్నాడు ఒక అబ్బాయి, డిస్క్ మొత్తం పాస్‌వర్డ్‌తో గుప్తం చేసి. లినక్స్‌లో చూడాల్సినవి రెండు ఫైళ్లు:

```
cat /sys/bus/thunderbolt/devices/domain0/security
cat /sys/bus/thunderbolt/devices/domain0/iommu_dma_protection
```

మొదటిదానికి `user`, రెండోదానికి `1` వచ్చింది. చూడాల్సింది ఆ `1`. ఫర్మ్‌వేర్ గుర్తు పెట్టింది, కెర్నెల్ ఐఓఎంఎంయూను బయటి పోర్టుకు వాడుతోంది. `user` అనేది పాత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకునేవాళ్ల కోసం ఉంచిన గేటు కాపలా. రెండోది `0` వచ్చి ఉంటే దీన్ని కూడా మొదటి ల్యాప్‌టాప్ లాగే చూడాల్సి వచ్చేది.

సార్‌కు చెప్పింది: రెండోది, మూడోది మిల్లులకు వెళ్లొచ్చు. మొదటిది ఆఫీసులోనే ఉండాలి. సీజన్ మధ్యలో తప్పక దాన్నీ పంపాల్సి వస్తే లాక్ చేసి లేవడం కాదు, హైబర్నేట్ చేసి లేవాలి.

స్లీప్ కాదు, హైబర్నేట్: ఎందుకంటే

మూత మూస్తే చాలా ల్యాప్‌టాప్‌లు స్లీప్‌లోకి వెళ్తాయి. స్లీప్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, అందులోని తాళం చెవులు కూడా అలాగే ఉంటాయి. హైబర్నేట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా గుప్తం అయిన డిస్క్ మీదికి వెళ్లి, మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. పోర్టులో ఏం గుచ్చినా చదవడానికి అక్కడేమీ ఉండదు.

కానీ బిట్‌లాకర్ టీపీఎం మీద మాత్రమే నడుస్తుంటే ఇందులో ఒక చిల్లు ఉంది. దొంగ పవర్ బటన్ నొక్కితే చాలు. ఏ పాస్‌వర్డూ అడగకుండానే టీపీఎం తాళం చెవిని ఇచ్చేస్తుంది, విండోస్ లాగిన్ తెర దాకా వచ్చేస్తుంది, చెవి మళ్లీ ర్యామ్‌లోకి చేరుతుంది. మొదటి ల్యాప్‌టాప్ లాంటి మిషన్‌లో అప్పుడు పోర్టు ద్వారా దాన్ని చదివే దారి తెరుచుకుంటుంది. అందుకే దానికి బూట్‌లోనే పిన్ అడిగేలా పెట్టాం. పిన్ కొట్టేదాకా టీపీఎం చెవి ఇవ్వదు. ఆర్టికల్ అమ్మాయికి రోజూ ఒక పిన్ ఎక్కువ కొట్టాల్సి వస్తుందని మొదట విసుగు అనిపించింది. కారణం చెప్పాక తనే మిగతా ఇద్దరికీ నేర్పింది.

తాళం కూడా ఆపలేనివి

కెర్నెల్ డీఎంఏ ప్రొటెక్షన్ ఉన్న మిషన్‌కు కూడా హద్దులున్నాయి, అవి తెలిసి ఉండాలి.

మొదటిది, విండోస్ ఇంకా రాకముందు సమయం. పవర్ నొక్కిన దగ్గర్నుంచి విండోస్ పగ్గాలు అందుకునేదాకా మిషన్‌ను నడిపేది ఫర్మ్‌వేరే. ఆ కొద్ది సెకన్లలో గోదాములు తెరిచి ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత తాళాలు వేసి లాభం లేదు. 2016 చివర్లో మ్యాక్‌లలో ఇదే జరిగింది: రీస్టార్ట్ అయ్యేటప్పుడు డిస్క్ పాస్‌వర్డ్ మెమరీలో మిగిలి ఉండేది, మ్యాక్ ఓఎస్ రాకముందే థండర్‌బోల్ట్ పరికరం దాన్ని చదివేసేది. ఆపిల్ 10.12.2 అప్‌డేట్‌లో దాన్ని సరిచేసింది. మన ల్యాప్‌టాప్‌లలో దీనికి సంబంధించిన ఎంపిక బయోస్‌లో `Pre-boot DMA` అనే మాటతో ఉంటుంది. రెండో ల్యాప్‌టాప్‌లో దాన్ని కూడా ఆన్ చేశాం. ఈ ఎంపికలన్నీ ఆన్ చేసి బయోస్‌కు పాస్‌వర్డ్ పెట్టకపోతే, ఎవరైనా రీస్టార్ట్ చేసి రెండు నొక్కుల్లో ఆఫ్ చేసేస్తారు. కాబట్టి పాస్‌వర్డ్ తప్పనిసరి.

రెండోది డ్రైవర్లు. ఐఓఎంఎంయూ పట్టీలతో కలిసి పనిచేయడం అన్ని డ్రైవర్లకూ రాదు. అలాంటి డ్రైవర్ ఉన్న పరికరాన్ని విండోస్ మామూలుగా, ఎవరైనా లాగిన్ అయి స్క్రీన్ తెరిచే వరకూ పనిచేయనివ్వదు. ఎవరైనా "లాగిన్ తెర దగ్గర నా క్యాప్చర్ కార్డు రావడం లేదు, లోపలికి వెళ్లాక వస్తోంది" అంటే అది చెడిపోవడం కాదు, రక్షణ పనిచేస్తోందన్నమాట. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం `Details`లో `DMA Remapping Policy` చూస్తే విలువ 2 ఉంటే డ్రైవర్ సహకరిస్తోంది, 0 లేదా 1 ఉంటే లేదు. మిల్లుకు వెళ్లే మిషన్లలో అలాంటి పరికరాలను ఎప్పుడూ రానివ్వకుండా గ్రూప్ పాలసీలో `Block all` పెట్టుకోవచ్చు. ఈ ఆఫీసుకు అలాంటి పరికరం ఏదీ లేదు కాబట్టి రెండోదానికి అదే పెట్టాం.

మూడోది సూక్ష్మమైనది. తాళం 4 కిలోబైట్ల ముక్కకు వేస్తారు. డ్రైవర్ పరికరానికి ఇచ్చింది అందులో వెయ్యి బైట్లే కావచ్చు, మిగతా భాగంలో కెర్నెల్ తాలూకు వేరే డేటా ఉండొచ్చు. నెట్‌వర్క్ కార్డులా నటించే పరికరం తనకిచ్చిన ముక్కల్లోనే ఆ పక్క డేటాను చూడగలదని 2019లో థండర్‌క్లాప్ అనే పరిశోధన చూపించింది. ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌లు దిద్దుబాట్లు చేశాయి. లినక్స్ అయితే నమ్మకం లేని బయటి పరికరాలకు విడిగా ఖాళీ ముక్కలు ఇచ్చి, డేటాను అందులోకి కాపీ చేస్తుంది. అంటే అప్‌డేట్లు వేసుకోవడం ఇక్కడ కూడా లెక్కలోకి వస్తుంది. కానీ బజారులో దొరికే రెడీమేడ్ బోర్డుతో మొత్తం ర్యామ్ ఊడ్చేయడం, ఇలా సందుల్లోంచి తొంగి చూడడం, ఈ రెండింటి మధ్య కష్టంలో చాలా తేడా ఉంది.

ఇంకొకటి, కీబోర్డులా నటించే పెన్‌డ్రైవ్‌లు. వాటికి డీఎంఏతో పని లేదు, స్క్రీన్ తెరిచి ఉన్నప్పుడు టైప్ చేస్తాయి. వాటికి స్క్రీన్ లాకే మందు. లాక్ చేసే అలవాటు మానొద్దని ఆ ఆర్టికల్ అమ్మాయికి నేను చెప్పింది అందుకే.

తర్వాతి ల్యాప్‌టాప్ కొనేటప్పుడు

సార్ వచ్చే ఏడాది మొదటిదాన్ని మారుస్తానన్నారు, ఏం చూసి కొనాలో రాసిమ్మన్నారు. నేను రాసిచ్చింది ఇది. షాపులో ల్యాప్‌టాప్ ఆన్ చేయించి `msinfo32` తెరవాలి. `Kernel DMA Protection` ఎదురుగా `On` ఉంటే తీసుకోవచ్చు. `Off` ఉంటే బయోస్ తెరిపించి `VT-d` ఆన్ చేయించి మళ్లీ చూడాలి. అప్పటికీ `Off` ఉంటే ఆ మిషన్‌లో ఆ రక్షణ ఇక రాదనే అనుకోవాలి. అది మిల్లుకు పనికిరాదు, ధర తగ్గించినా సరే. బయోస్ పాస్‌వర్డ్ పాత యజమాని దగ్గరే ఉండిపోయిన మిషన్ తీసుకోవద్దు, పై సెట్టింగులు ఒక్కటీ మార్చలేం. పోర్టు పక్కన మెరుపు గుర్తు లేకుండా మామూలు యూఎస్‌బీ-సీ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆ పోర్టు నుంచి సాధారణంగా పీసీఐ బయటికి రాదు. యూఎస్‌బీ4 అని రాసి ఉంటే మాత్రం వచ్చే అవకాశం ఉంది, అప్పుడు కూడా `msinfo32` చూడాల్సిందే. టాలీ, ఎక్సెల్ మాత్రమే నడిపే ఆర్టికల్‌కు మెరుపు గుర్తు లేని మిషన్ అయినా ఏమీ తక్కువ కాదు. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసు గోడ మీద, జీఎస్టీ రిటర్న్ తేదీల పట్టిక పక్కనే అతికించి ఉంది.